28 రోజులకు 2 జీబీ మాత్రమే ఉన్న చిన్న ఫోనుతో చీర కుచ్చుల ఆర్డర్లు తీసుకోవడం ఎలా?

"నా దగ్గర మామూలు స్మార్ట్‌ఫోనే ఉంది, నెలకు వేయించుకునే రీఛార్జిలో డేటా కొద్దిగానే వస్తుంది, ఇంట్లో కూర్చుని ఏం పని చేసుకోగలను?" అని నన్ను అడిగేవారు చాలామంది ఉన్నారు. వీరిలో ఎక్కువమంది ఫోనులోనే దొరికే పని కోసం వెతుకుతారు. వీడియోలు తీయడం, ఆన్‌లైన్ టైపింగు, యాప్‌లో పనులు చేయడం వంటివన్నీ డేటాను తినేసేవే. తక్కువ డేటా ఉన్నవారు దీనికి ఎదురు దిశలో ఆలోచించాలి. పని చేతితో జరగాలి, ఫోను ఆ పనిని ఇంటికి తెచ్చిపెట్టడానికి మాత్రమే ఉపయోగపడాలి. చిన్న రీఛార్జిలోనూ మాట్లాడుకునే సౌకర్యానికి సాధారణంగా పరిమితి ఉండదు కాబట్టి, మన అసలు పెట్టుబడి డేటా కాదు, కాల్.

ఈ పద్ధతిని చీర కొంగుకు కుచ్చులు వేసే పనిని ఉదాహరణగా తీసుకుని వివరిస్తాను. తణుకు దగ్గర పల్లెలో ఉండే మా పిన్ని కూతురు ఈ పని చేస్తోంది, ఆమె లెక్కల పుస్తకం నేను చూశాను. మీకు కుచ్చులు రాకపోయినా జాకెట్లు కుట్టడం, ఫాల్ వేయడం, చిన్నపిల్లలకు ట్యూషన్ చెప్పడం వంటి పనులకూ ఇవే మెట్లు దాదాపుగా సరిపోతాయి. పచ్చళ్లు, పొడులు అమ్మాలనుకుంటే మాత్రం ముందుగా ఆహార భద్రతా సంస్థ వద్ద నమోదు చేయించుకోవాలి, కాబట్టి వాటిని ఇక్కడ కలపడం లేదు.

కావలసినవి

వాట్సాప్ పనిచేసే ఫోను, అపరిమిత కాల్స్‌తో 28 రోజులకు 2 జీబీ డేటా ఇచ్చే రీఛార్జి, మీ ఫోను నంబరు కలిపి ఉన్న బ్యాంకు ఖాతా, రెండు వందల పేజీల నోటు పుస్తకం. పని సామాను విషయానికి వస్తే నాలుగైదు రంగుల సిల్కు దారం రీళ్లు, పూసలు, సన్న సూది, క్రోషే సూది, మంచి కత్తెర, కొలత టేపు చాలు. దారం రంగులన్నీ ముందే కొని పెట్టుకోకండి. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.

1. ముందు డేటా కారిపోయే చోట్లు మూయండి

2 జీబీని 28 రోజులకు పంచితే రోజుకు సుమారు 73 ఎంబీ వస్తుంది. వీడియోలు చూసేవారికి ఇది పది నిమిషాలకు కూడా చాలకపోవచ్చు గానీ, ఆర్డర్లు తీసుకునేవారికి ఎక్కువే. వాట్సాప్‌లో మామూలు నాణ్యతతో పంపే ఫోటో సాధారణంగా కొన్ని వందల కేబీలు దాటదు, నిమిషం వాయిస్ మెసేజ్ అంతకన్నా ఎక్కువ కాదు, రాసిన మాటలైతే లెక్కలోకే రావు. అయినా నెల మధ్యలోనే డేటా అయిపోతోందంటే అది మీరు వాడినది కాదు, మీకు తెలియకుండా ఫోను వాడుకున్నది.

వాట్సాప్‌లో `Settings` లోకి వెళ్లి `Storage and data` తెరవండి. అక్కడ `When using mobile data` అనే చోట ఫోటోలు, ఆడియో, వీడియోలు, డాక్యుమెంట్లు నాలుగింటికీ ఉన్న టిక్కులు తీసేయండి. ఇక మీరు వేలితో తాకిన ఫోటో మాత్రమే దిగుతుంది. బంధువుల గ్రూపులో పొద్దున్నే వచ్చే శుభోదయం బొమ్మలు, పండగ వీడియోలు మీ డేటాలో ఎంత వాటా తింటున్నాయో ఈ ఒక్క మార్పు తరువాత మీకే అర్థమవుతుంది. ఆ తరువాత `Chats` లోని `Chat backup` లో మొబైల్ డేటా ద్వారా బ్యాకప్ జరగకుండా ఆపండి. ప్లే స్టోర్‌లో యాప్‌ల అప్‌డేట్‌ను వైఫై ఉన్నప్పుడు మాత్రమే జరిగేటట్లు మార్చండి. గూగుల్ ఫోటోస్ వాడుతుంటే దాని బ్యాకప్‌కు కూడా మొబైల్ డేటా ఇవ్వకండి. చివరగా ఫోను సెట్టింగులలో `Data Saver` ను ఆన్ చేయండి. ఈ పేర్లు ఒక్కో కంపెనీ ఫోనులో ఒక్కో చోట ఉంటాయి, సెట్టింగులలో పైన ఉండే వెతికే పెట్టెలో ఆ మాట టైపు చేస్తే దొరుకుతాయి.

ఫలితం సరిచూసుకోవడానికి `Storage and data` లోనే `Network usage` ఉంటుంది. దాన్ని తెరిచి అడుగున ఉన్న `Reset statistics` నొక్కితే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. వారం తరువాత మళ్లీ చూడండి. వాట్సాప్ ఒక్కటే వారానికి 200 ఎంబీ దాటితే ఏదో ఒక టిక్కు మిగిలిపోయిందనో, ఎవరితోనో వాట్సాప్ కాల్స్ మాట్లాడుతున్నారనో అర్థం.

2. డేటాకు వేళలు పెట్టండి

రోజంతా డేటా ఆన్‌లో ఉంచకపోతే ఆర్డర్లు పోతాయన్న భయం అక్కర్లేదు. మీ ఫోనులో డేటా ఆఫ్‌లో ఉన్నప్పుడు వచ్చిన వాట్సాప్ మెసేజ్‌లు పోవు, మీరు ఆన్ చేసేదాకా 30 రోజుల వరకు ఎదురుచూస్తాయి. కనుక ఉదయం తొమ్మిదికి, మధ్యాహ్నం రెండుకు, రాత్రి ఎనిమిదికి పావుగంట చొప్పున డేటా ఆన్ చేస్తే సరిపోతుంది.

అయితే ఈ సంగతి ఎదుటివారికి తెలియాలి. లేకపోతే మెసేజ్ పెట్టి జవాబు రాక వేరేచోటికి వెళ్లిపోతారు. మీ వాట్సాప్ `About` లో "చీర కుచ్చులు వేస్తాను. తొందర ఉంటే మామూలు కాల్ చేయండి" అని తెలుగులోనే రాసి పెట్టండి. మామూలు కాల్ అన్న మాట తప్పక ఉండాలి. చాలామంది అలవాటుగా వాట్సాప్ కాల్ నొక్కుతారు, దానికి మీ డేటా ఖర్చవుతుంది, పైగా మీరు డేటా ఆపి ఉంచితే అది మోగదు కూడా.

3. నమూనాలు తయారు చేసి, అంకెలు వేసి, ఒకే ఫోటోగా చేయండి

పాత చీర కొంగు ముక్కలపై ఆరు నమూనాలు వేయండి. రెండు సాదా కుచ్చులు, రెండు పూసలవి, రెండు క్రోషే అల్లికవి ఉంటే చాలు. తెల్ల దుప్పటి మీద పరిచి, ఉదయం పూట నీడ ఉన్న వరండాలో ఫోటో తీయండి. ఎండ నేరుగా పడితే సిల్కు దారం మెరుపు వల్ల అల్లిక కనబడదు, ట్యూబ్‌లైటు కింద తీస్తే రంగు మారుతుంది. ప్రతి నమూనా పక్కన చిన్న కాగితం మీద 1, 2, 3 అని పెద్దగా అంకె వేసి ఉంచండి. ఆరింటినీ ఒకే చట్రంలో పట్టేలా తీస్తే ఆరు ఫోటోలు పంపాల్సిన చోట ఒకటే పంపుతారు. ఇందులో డేటా ఆదా కన్నా పెద్ద లాభం ఇంకొకటి ఉంది. ఆ తరువాత జరిగే బేరమంతా కాల్‌లో "నాలుగో నంబరు వేయండి" అన్న ఒక్క మాటతో తేలిపోతుంది.

మా పిన్ని కూతురు చేసిన తప్పు ఇక్కడ చెప్పాలి. మొదట్లో ఒకావిడ చీర ఫోటో పంపి, దారం తెచ్చి ఉంచమని, చీర రెండు రోజుల తరువాత ఇస్తానని అన్నారు. ఫోటోలో అది ముదురు నీలంగా కనిపించింది. ఆ రంగు రీళ్లు మూడు కొని తెచ్చిన తరువాత చీర చేతికొచ్చింది, చూస్తే అది నెమలికంఠం రంగు. నీలం దారం దాని మీద వెలిసిపోయినట్లు కనిపించింది. ఆ రీళ్లు ఇప్పటికీ డబ్బాలో ఉన్నాయి. కాబట్టి ఫోటో చూసి దారం కొనకండి. నమూనా ఎంచుకోవడానికి ఫోటో, రంగు కలపడానికి చీర. చీర చేతికి వచ్చాక కొంగు అంచు నుంచి రెండు మూడు విడి పోగులు తీసుకుని దుకాణానికి వెళ్లి, దుకాణం గుమ్మం బయట పగటి వెలుతురులో రీలు పక్కన పెట్టి చూడండి. కుదిరిన రీలు మీద ఉన్న షేడ్ నంబరును నోటు పుస్తకంలో రాసుకుంటే, మధ్యలో దారం అయిపోయినా అదే రంగు తెచ్చుకోగలరు.

4. మీ నంబరు వాళ్ల ఫోనులో సేవ్ అయ్యేలా చూడండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. వాట్సాప్ స్టేటస్ పెట్టాను, బ్రాడ్‌కాస్ట్ పంపాను, ఒక్కరూ అడగలేదు అని బాధపడేవారిలో ఎక్కువమందికి జరిగింది ఇదే. మీ నంబరును సేవ్ చేసుకోని వారికి మీ బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ చేరదు, మీ స్టేటస్ కనబడదు. మీరు వాళ్ల నంబరు సేవ్ చేసుకుంటే సరిపోదు.

కాబట్టి మొదటి వారం అమ్మకం గురించి ఆలోచించకుండా, తెలిసిన ముప్పై మందికి నేరుగా కాల్ చేయండి. డ్వాక్రా సంఘంలోని వారు, పిల్లల బడి దగ్గర కలిసే తల్లులు, జాకెట్లు కుట్టే దర్జీలు ఆ జాబితాలో ఉండాలి. "వదినా, నేను చీర కుచ్చులు వేస్తున్నాను, మిస్డ్ కాల్ ఇస్తాను, 'కుచ్చులు' అని నా పేరు ముందు రాసి సేవ్ చేసుకోండి" అని అడగండి. పేరుకు ముందు పని రాయమనడం ఊరికే కాదు. ఆరు నెలల తరువాత ఆమెకు మీ పేరు గుర్తుకు రాకపోవచ్చు, ఫోనులో "కుచ్చులు" అని వెతికితే మీరు దొరుకుతారు.

దర్జీలను ప్రత్యేకంగా చెప్పడానికి కారణం ఉంది. జాకెట్టు కుట్టించుకోవడానికి వచ్చినవారి చేతిలో చీర అప్పటికే ఉంటుంది. ఒక దర్జీ నెలకు నాలుగు చీరలు పంపినా ఆ నాలుగింటికీ మీరు ఒక్క కేబీ ఖర్చు చేయలేదు. చీరకు ఇంత అని ఆ దర్జీకి ఇచ్చేదేదో ముందే మాట్లాడుకోండి, తరువాత మాట పట్టింపులు రాకుండా ఉంటాయి.

5. చీర తీసుకునేటప్పుడు

కస్టమరు ఎదుటే చీర మడత విప్పి, కొంగు, అంచులు చూడండి. మరక ఉన్నా, పోగు లాగి ఉన్నా అప్పుడే చూపించి, ఫోనుతో ఒక ఫోటో తీసి ఉంచుకోండి. ఆ ఫోటో ఎవరికీ పంపనక్కర్లేదు, ఫోనులో తారీఖుతో సహా ఉంటే చాలు, దానికి డేటా పట్టదు. "మీ దగ్గరే చిరిగింది" అన్న మాట పట్టుచీర విషయంలో వస్తే నెల సంపాదన అంతా అందులోనే పోతుంది.

తరువాత నోటు పుస్తకంలో తారీఖు, పేరు, ఫోను నంబరు, చీర రంగు, నమూనా అంకె, ఒప్పుకున్న ధర, తీసుకున్న అడ్వాన్సు, తిరిగి ఇవ్వాల్సిన రోజు రాయండి. ఇచ్చే రోజు చెప్పేటప్పుడు మీకు పట్టే సమయానికి రెండు రోజులు కలిపి చెప్పండి. ముహూర్తాల నెలల్లో మూడు రోజులు కలపండి.

ధర ఎలా నిర్ణయించాలన్నది లెక్కతోనే తేలుతుంది. కొంగు అంచు సుమారు 45 అంగుళాలు ఉంటుంది. అంగుళానికి ఒక కుచ్చు చొప్పున వేస్తే 45 కుచ్చులు. ఒక్కో సాదా కుచ్చుకు నాలుగు నిమిషాలు పడితే మొత్తం మూడు గంటలు. ఆ గంటలకు మీ కూలి, సామాను ఖర్చు కలిపితే ధర తేలుతుంది. మీ మొదటి మూడు చీరలకు గడియారం చూసి సమయం రాసుకోండి, ఊహించిన సమయం ఎప్పుడూ అసలుకన్నా తక్కువే ఉంటుంది.

6. డబ్బు తీసుకోవడం: స్క్రీన్‌షాట్ కాదు, బ్యాంకు మెసేజ్

యూపీఐ ద్వారా డబ్బు మీ ఖాతాలో పడటానికి మీ ఫోనులో డేటా ఉండనక్కర్లేదు. పంపేవారి డేటాతోనే పని జరుగుతుంది. మీ క్యూఆర్ కోడ్‌ను ఒకసారి ముద్ర వేయించి నోటు పుస్తకం అట్ట లోపల అంటించుకుంటే, వచ్చినవారు దాన్ని స్కాన్ చేసి వెళ్తారు. డబ్బు పడినట్లు బ్యాంకు నుంచి వచ్చే ఎస్ఎంఎస్‌కూ డేటా అవసరం లేదు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు పాటించండి. కస్టమరు తన ఫోనులో చూపించే "చెల్లింపు జరిగింది" అన్న తెరను, పంపే స్క్రీన్‌షాట్‌ను లెక్కలోకి తీసుకోకండి, వాటిని దొంగగా తయారు చేయడం సులభం. ఎస్ఎంఎస్ వచ్చినా అది పది అంకెల మామూలు నంబరు నుంచి వచ్చిందా, బ్యాంకు పేరుతో వచ్చిందా చూడండి. అనుమానం వస్తే, మీ ఖాతాకు యూపీఐ పిన్ ఉంటే, ఖాతాకు కలిపిన నంబరు నుంచి `*99#` కు డయల్ చేసి నిల్వ చూసుకోవచ్చు. ఇది ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుంది. అది ఒక్కోసారి మధ్యలో తెగిపోతుంది, రెండు మూడు సార్లు ప్రయత్నించాల్సి వస్తుంది. కుదరకపోతే మీ బ్యాంకు మిస్డ్ కాల్ నంబరును పాస్‌బుక్ చూసో, శాఖలో అడిగో ముందే రాసి ఉంచుకోండి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. డబ్బు తీసుకోవడానికి పిన్ నొక్కాల్సిన అవసరం ఎప్పుడూ రాదు. "మీకు అడ్వాన్సు పంపుతున్నాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఎవరైనా అంటే కాల్ పెట్టేయండి. చీర చూడకుండా, ధర బేరం ఆడకుండా ఒకేసారి ఇరవై చీరల ఆర్డరు ఇస్తామనే అపరిచితుల కాల్స్ సాధారణంగా ఈ మాట దగ్గరికే వస్తాయి. డబ్బు పోయిన పక్షంలో ఆలస్యం చేయకుండా సైబర్ మోసాలపై ఫిర్యాదు తీసుకునే 1930 నంబరుకు కాల్ చేయాలి. టైపింగు పని ఇస్తాం, ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి అనేవారి విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది, పని ఇచ్చేవారు మీకు డబ్బు ఇవ్వాలి గానీ మీ దగ్గర తీసుకోకూడదు.

7. తిరిగి ఇచ్చేటప్పుడు ఫోటో, అదే తరువాతి ఆర్డరు

పూర్తయిన కొంగును నమూనాలు తీసిన చోటే ఒక ఫోటో తీసి, కస్టమరు ఒప్పుకుంటే స్టేటస్‌లో పెట్టండి. వీడియో పెట్టకండి, అరనిమిషం వీడియోకు అయ్యే డేటాతో చాలా ఫోటోలు పంపవచ్చు, పైగా చూసేవారి డేటా కూడా తక్కువే కదా. వారానికి రెండు స్టేటస్‌లు చాలు. రోజూ పెడితే చూసేవారు మ్యూట్ చేస్తారు.

వాట్సాప్ బిజినెస్ యాప్ పెట్టుకోవాలా అని కొందరు అడుగుతారు. అందులో నమూనాలను కేటలాగ్‌గా ఒకసారి ఎక్కించి ఉంచవచ్చు, ఉచితమే. అయితే ఒకే నంబరును మామూలు వాట్సాప్‌లోనూ, బిజినెస్‌లోనూ ఒకేసారి వాడలేరు. పైగా కొత్త యాప్ దించుకోవడానికి మీ ఒకరోజు డేటా పోవచ్చు. నెలకు ఇరవై చీరలు దాటేవరకు మామూలు వాట్సాప్, నోటు పుస్తకం సరిపోతాయని నా అభిప్రాయం. మారాలనుకుంటే ఎవరింట్లోనైనా వైఫై దొరికిన రోజున, చాట్ బ్యాకప్ తీసుకున్న తరువాత మారండి.

8. 28వ రోజున లెక్క చూసుకోండి

మా పిన్ని కూతురి పుస్తకంలో ఒక రీఛార్జి కాలపు లెక్క ఇలా ఉంది. సాదా కుచ్చులు 250 రూపాయల చొప్పున 6 చీరలు, పూసలవి 400 చొప్పున 5, క్రోషేవి 550 చొప్పున 3. మొత్తం రాబడి 5,150 రూపాయలు. దారం, పూసలకు 800, రీఛార్జికి 200 పోగా 4,150 మిగిలింది. పట్టిన సమయం 59 గంటలు, అంటే గంటకు సుమారు 70 రూపాయలు. మీ ఊరిలో ధరలు వేరుగా ఉండవచ్చు, చూడాల్సింది లెక్క వేసే తీరు.

ఆమె అక్కడితో ఆగకుండా ఒక్కో రకానికి విడిగా లెక్క వేసింది. సాదా చీరకు సామాను ఖర్చు 40, సమయం 3 గంటలు, కనుక గంటకు 70. పూసల చీరకు ఖర్చు 70, సమయం 4 గంటలు, కనుక గంటకు 82. క్రోషేకు ఖర్చు 70, సమయం 7 గంటలు, గంటకు 69 లోపే. అన్నిటికన్నా ఎక్కువ ధర పలికే పని, కళ్లు ఎక్కువ నొప్పి పెట్టే పని, గంట లెక్కన అన్నిటికన్నా తక్కువ తెస్తోందని అప్పుడు తేలింది. నమూనాల ఫోటోను మళ్లీ తీసి, క్రోషే రకాలను 5, 6 అంకెలకు నెట్టి, పూసల రకాలను 1, 2గా మార్చి, క్రోషే ధరను 700 చేసింది. మీరూ మీ పుస్తకంలో ఇలా రకం వారీగా విడదీసి చూడండి. అడిగేవారిలో చాలామంది ఫోటోలో మొదట కనిపించిన అంకెనే చెబుతారు కాబట్టి, మీకు ఎక్కువ మిగిలే నమూనాను అక్కడ ఉంచండి.

డేటా లెక్క కూడా అదే రోజు చూడండి. ఫోను సెట్టింగులలో డేటా వాడకం ఏ యాప్‌కు ఎంతో కనిపిస్తుంది. 28 రోజులకు ముందే డేటా అయిపోతే ఆ జాబితాలో వాట్సాప్ కన్నా పైన ఏ యాప్ ఉందో చూసి, దానికి బ్యాక్‌గ్రౌండ్ డేటా ఆపండి. అర జీబీకి పైగా మిగిలితే పెద్ద రీఛార్జికి మారాల్సిన అవసరం లేనట్లే, ఆ తేడా డబ్బుతో రెండు పూసల ప్యాకెట్లు వస్తాయి.